పదిహేడు మిల్లీమీటర్లు

ఉదయం ఇంక్యుబేటర్ తలుపు తీసి ప్లేట్లన్నీ బల్ల మీద పరిచాక, మా టెక్నీషియన్ కుర్రాడు స్కేలు పట్టుకుని ఒక్కొక్కదాన్నీ బోర్లించి కొలుస్తాడు. ఆ రోజు ఒక ప్లేటు దగ్గర ఆగాడు. వెలుతురుకు తిప్పి మళ్లీ కొలిచాడు. "మేడమ్, సెఫాక్సిటిన్ పదిహేడే ఉంది" అన్నాడు. తొడ మీద సెగగడ్డతో వచ్చిన ఒక ఆటో డ్రైవర్ చీము అది. మందుల షాపులో ఇచ్చిన అమాక్సిసిలిన్ మాత్రలు ఐదు రోజులు మింగినా గడ్డ పెరుగుతూనే ఉందని, చివరికి సర్జన్ కోసి చీము తీసి మాకు పంపారు.

పదిహేడు అంటే ఆ గడ్డలో ఉన్నది ఎంఆర్‌ఎస్‌ఏ అని. అమాక్సిసిలిన్ ఒక్కటే కాదు, క్లోక్సాసిలిన్, సెఫజోలిన్, సెఫ్ట్రయాక్సోన్, చివరికి ఖరీదైన మెరోపెనెం కూడా దాని మీద పనిచేయవు. ఒక చిన్న కాగితం బిళ్ల చుట్టూ ఏర్పడిన ఖాళీ వలయాన్ని కొలిచి అంత మాట ఎలా అనగలుగుతున్నామో చెప్పాలంటే ఆ సూక్ష్మజీవి గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

స్టెఫిలోకాకస్ ఆరియస్ మన ముక్కులోనూ చర్మం మీదా సాధారణంగా కనిపించే బాక్టీరియా. సూక్ష్మదర్శిని కింద ద్రాక్షగుత్తిలా ఉంటుంది. దాని లోపల ఒత్తిడి చాలా ఎక్కువ. గట్టి గోడ చుట్టూ లేకపోతే నీళ్లు లోపలికి చేరి పగిలిపోతుంది. ఆ గోడ ఇటుకల గోడలా ఉండదు, నులకమంచంలా అల్లిక. చక్కెర అణువులతో చేసిన పొడవాటి తాళ్లు ఒకవైపు పోతాయి, వాటిని అడ్డంగా కలుపుతూ చిన్న చిన్న ముడులు ఉంటాయి. బాక్టీరియా పెరుగుతున్నంతసేపూ ఈ అల్లిక సాగుతూనే ఉండాలి. ముడులు వేసే పని కొన్ని ప్రోటీన్లది. స్టెఫిలోకాకస్‌కు అలాంటివి మామూలుగా నాలుగు ఉంటాయి. పెన్సిలిన్ వచ్చి అతుక్కునేది వీటికే కాబట్టి వాటి పేరు కూడా "పెన్సిలిన్‌ను పట్టుకునే ప్రోటీన్లు" అనే అర్థంలోనే పడింది, క్లుప్తంగా పీబీపీలు.

పెన్సిలిన్ చేసేది మోసం. ముడి వేయాల్సిన నులక కొస ఎలా ఉంటుందో దాని అణువు అచ్చం అలాగే ఉంటుంది. అల్లేవాడు అది నులకే అనుకుని పట్టుకుంటాడు, ఇక చెయ్యి ఊడిరాదు. మిగతా పని ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. గోడలో పీలగా మిగిలిన చోట బాక్టీరియా పగులుతుంది. పెన్సిలిన్ నుంచి మెరోపెనెం దాకా బీటాలాక్టమ్ మందులన్నిటి మూలసూత్రం ఇదే.

దీనికి బాక్టీరియా మొదట కనిపెట్టిన విరుగుడు పెన్సిలినేజ్. పెన్సిలిన్‌ను దారిలోనే విరగ్గొట్టే ఎంజైమ్ అది. దానికి లొంగకుండా శాస్త్రవేత్తలు తయారుచేసిన మందు మెథిసిలిన్. బ్రిటన్‌లో సెల్బెనిన్ అనే పేరుతో అది వాడకంలోకి వచ్చాక, లండన్ దగ్గర కోలిండేల్‌లోని రిఫరెన్స్ లాబొరేటరీలో పట్రీషియా జెవన్స్ తమకు వచ్చే స్టెఫిలోకాకస్ నమూనాలన్నిటినీ ఈ కొత్త మందుతో కూడా పరీక్షించడం మొదలుపెట్టారు. ఐదు వేలకు పైగా నమూనాల్లో మూడు లొంగలేదు. ఆ మూడూ ఒకే ఆసుపత్రివి. 1961 జనవరిలో ఆమె రాసిన చిన్న ఉత్తరాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చు వేసింది. మందు వచ్చి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు.

ఇంత తొందరగా నిరోధకత ఎలా పుట్టిందని అందరూ చాలాకాలం ఆశ్చర్యపోయారు. సమాధానం 2017లో దొరికింది. 1960ల నుంచి గడ్డకట్టించి దాచిన పాత బ్రిటిష్ నమూనాల జన్యుపటాలు చదివి, వాటి వంశవృక్షాన్ని వెనక్కి లెక్కగడితే, ఆ నిరోధక జన్యువు 1940ల మధ్యలోనే ఈ బాక్టీరియాలోకి చేరిందని తేలింది. అంటే మెథిసిలిన్ పుట్టకముందే. అప్పట్లో విపరీతంగా వాడిన పెన్సిలినే ఆ జన్యువున్న బాక్టీరియాను ఏరి పెంచింది. మెథిసిలిన్ రాగానే అది కంటపడింది, అంతే. కొత్త మందుకు నిరోధకత ఆ మందు వాడకం వల్లే వస్తుందని మేం విద్యార్థులకు చెప్పే పాఠం ఇక్కడ సరిపోదు. పాత మందు కూడా దానికి దారి వేయగలదు.

ఆ జన్యువు పేరు మెక్‌ఏ. అందులో ఉన్నది దాదాపు రెండు వేల అక్షరాలు. అది చేయించే ప్రోటీన్ పీబీపీ 2ఏ. అల్లేవాళ్లు నలుగురూ చేతులకు జిగురు అంటుకుని కూర్చుంటే, ఇది ఐదో మనిషి. ముడి వేసే దాని పనిభాగం ప్రోటీన్ మడతల్లో లోపలికి మూసుకుని ఉంటుంది. నులక కొస దగ్గరికి వచ్చినప్పుడు తెరుచుకుని ముడి వేస్తుంది గానీ, పెన్సిలిన్ జాతి మందులు మామూలు మోతాదులో ఆ మడతలోకి దూరి అతుక్కోలేవు. మందును విరగ్గొట్టడం, బయటికి తోసేయడం లాంటివేమీ ఇక్కడ లేవు. మందు అలాగే ఉంటుంది, పాత నలుగురినీ పట్టుకునే ఉంటుంది, అయినా అల్లిక సాగిపోతుంది. ఇంకో విషయం, ఈ ఐదోది ఒంటరిగా మొత్తం పని చేయలేదు. చక్కెర తాడు పేనే పని దానికి రాదు. ఆ పని పాత పీబీపీ 2లో మందు అంటని రెండో సగమే చేసిపెట్టాలి. తాడు ఒకరు పేనితే ముడి ఇంకొకరు వేస్తారు. ఆ మూసుకున్న మడతను తెరిపించి లోపలికి వెళ్లేలా తర్వాతి కాలంలో తయారైన సెఫ్టారోలిన్ లాంటి ఒకటి రెండు మందులే ఈ కుటుంబంలో ఎంఆర్‌ఎస్‌ఏ మీద పనిచేసేవి.

మెక్‌ఏ ఈ బాక్టీరియా సొంత ఆస్తి కాదు. దాని దగ్గరి చుట్టాలైన, జంతువుల మీద బతికే స్టెఫిలోకాకస్ జాతుల నుంచి వచ్చింది. స్టెఫిలోకాకస్ ఫ్లూరెటీ అనే జాతిలో దాదాపు ఇదే జన్యువు క్రోమోజోమ్‌లో తన చోట తాను స్థిరంగా ఉంటుంది. ఆరియస్‌లో మాత్రం అది ఒక పెద్ద డీఎన్ఏ ముక్క లోపల కూర్చుని ఉంటుంది. ఆ ముక్కను 1990ల చివర జపాన్‌లో కెయిచి హిరమత్సు బృందం విడదీసి చూపించి, స్టెఫిలోకాకల్ క్యాసెట్ క్రోమోజోమ్ అని పేరు పెట్టింది. మెక్ జన్యువును మోసేది కాబట్టి ఎస్‌సీసీమెక్ అయింది. క్యాసెట్ అన్న మాట సరిగ్గా అతికింది. టేపురికార్డర్‌లో ఒక క్యాసెట్ తీసి ఇంకొకటి పెట్టినట్టే, ఈ ముక్క మొత్తంగా ఊడి వస్తుంది, మొత్తంగా వెళ్లి కూర్చుంటుంది.

ఎక్కడ పడితే అక్కడ కూర్చోదు. ఇరవై ఎనిమిది లక్షల అక్షరాల క్రోమోజోమ్‌లో ఓఆర్‌ఎఫ్‌ఎక్స్ అనే ఒక జన్యువు తోక దగ్గర మాత్రమే దానికి చోటు. క్యాసెట్‌లోనే సీసీఆర్ అనే జన్యువులు ఉంటాయి. అవి చేసే ఎంజైమ్‌లు కత్తెరా సూదీ రెండూ. క్యాసెట్ రెండు కొసల్లోనూ ఒకేలాంటి చిన్న అక్షరవరుస ఉంటుంది. ఎంజైమ్ దాన్ని గుర్తుపట్టి అక్కడ కోస్తుంది, కోసిన ముక్క రెండు కొసలనూ కలిపి గుండ్రటి ఉంగరం చేస్తుంది. అలాంటి ఉంగరం మరో కణంలోకి చేరితే, అక్కడి ఓఆర్‌ఎఫ్‌ఎక్స్ తోకలో అదే అక్షరవరుస దొరుకుతుంది, దాన్ని తెరిచి కుడుతుంది. ముచ్చటేమిటంటే ఓఆర్‌ఎఫ్‌ఎక్స్ పాడవదు. తెగిన తోక స్థానంలో క్యాసెట్ కొస అదే అక్షరాలతో అతుక్కుంటుంది కాబట్టి జన్యువు ఎప్పటిలా చదువుకుంటుంది. కొత్త అతిథి వచ్చినందుకు ఇంటికి నష్టం లేదు. ఈ ఓఆర్‌ఎఫ్‌ఎక్స్ అతుకును గుర్తుంచుకోండి, ప్రయోగశాల తర్వాత దాన్నే పట్టుకుంటుంది.

క్యాసెట్లన్నీ ఒక పరిమాణంలో ఉండవు. హిరమత్సు బృందం చూసిన ఆసుపత్రి రకం యాభై వేల అక్షరాలకు పైమాటే. మెక్‌ఏతో పాటు ఇతర మందులను ఎదిరించే జన్యువులు కూడా అందులో సామానులా ఎక్కి ఉంటాయి. నాలుగో రకం అందులో సగం కూడా ఉండదు, మెక్‌ఏ తప్ప పెద్దగా బరువు లేదు. బరువు తక్కువ కాబట్టి అది మోసే బాక్టీరియా చురుగ్గా పెరుగుతుంది, ఆసుపత్రి గడప తొక్కనివాళ్లలో కూడా సెగగడ్డలు లేపుతుంది. మన దేశంలో, బంగ్లాదేశ్‌లో విస్తరించిన ఒక వంశానికి శాస్త్రవేత్తలు "బెంగాల్ బే క్లోన్" అని పేరు పెట్టారు. అది మోసేది ఐదో రకం క్యాసెట్. మా ఆటో డ్రైవర్ ఆసుపత్రిలో ఎప్పుడూ పడుకోలేదు. తోడుగా కూడా ఉండలేదు.

ఇక ప్లేటు దగ్గరికి వద్దాం. చీమును రక్తం కలిపిన అగర్ మీద గీస్తే మర్నాటికి పసుపుపచ్చని గుండ్రటి కాలనీలు వచ్చాయి. ముందు అది ఆరియసే అని తేల్చుకోవాలి. కుందేలు ప్లాస్మా ఉన్న గొట్టంలో ఒక కాలనీ కలిపి వెచ్చగా ఉంచితే నాలుగు గంటల్లో ప్లాస్మా గడ్డకట్టింది. గొట్టం వంచితే జారలేదు. ఆరియస్‌కు అది గుర్తు. తర్వాత నాలుగైదు కాలనీలను సెలైన్‌లో కలిపి, నిర్ణీత మసకకు తేవాలి. నమూనా గొట్టాన్ని పక్కన పెట్టి, వెనక నల్లగీతలున్న కార్డు పట్టుకుని పోల్చుకుంటాం. మసక ఎక్కువైతే బాక్టీరియా ఎక్కువై వలయం చిన్నదవుతుంది, తక్కువైతే పెద్దదవుతుంది. దూదిపుల్లను అందులో ముంచి, ముల్లర్-హింటన్ అగర్ మీద మూడు దిక్కులా సమంగా పూసి, మధ్యలో 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ ఉన్న ఆరు మిల్లీమీటర్ల కాగితం బిళ్ల పెట్టి, 35 డిగ్రీల్లో రాత్రంతా ఉంచాలి. మర్నాడు వలయం 22 మిల్లీమీటర్లు గానీ అంతకంటే పెద్దదిగా గానీ ఉంటే మామూలు స్టెఫిలోకాకస్, 21 లేదా తక్కువైతే ఎంఆర్‌ఎస్‌ఏ. మధ్యలో అనుమానపు మెట్టు లేదు.

మెథిసిలిన్‌కు లొంగనిదని పేరుపెట్టి సెఫాక్సిటిన్‌తో ఎందుకు పరీక్షిస్తారని ప్రతి ఏటా విద్యార్థులు అడుగుతారు. మెథిసిలిన్ మూత్రపిండాలను దెబ్బతీస్తోందని వాడటం మానేశారు, తయారీయే లేదు. పేరు మాత్రం మిగిలింది. అసలు కారణం మాత్రం వేరే ఉంది. మెక్‌ఏ ఎప్పుడూ మేలుకుని ఉండదు. దాని మీద మెక్‌ఐ అనే ప్రోటీన్ మూతలా కూర్చుని ఉంటుంది. కణపు పొర మీద మెక్‌ఆర్1 అనే కాపలాదారు ఉంటాడు. బీటాలాక్టమ్ వచ్చి తగిలితే లోపలికి కబురు పంపి మూత తీయిస్తాడు. ఆక్సాసిలిన్ తగిలితే ఈ కబురు బలహీనంగా పోతుంది, జన్యువు సగం నిద్రలోనే ఉంటుంది, బాక్టీరియా లొంగినట్టు కనిపించి మనల్ని పక్కదారి పట్టిస్తుంది. సెఫాక్సిటిన్ తగిలితే మూత బాగా తెరుచుకుంటుంది. రోగికి సెఫాక్సిటిన్ ఇవ్వబోతున్నామని కాదు, జన్యువును నిద్ర లేపడానికి దాన్ని వాడుతున్నాం.

అలా లేపినా ప్రతి కణమూ ఒకేలా లేవదు. ఒకే కాలనీలోని లక్షల కణాల్లో కొన్నే నిరోధకతను పూర్తిగా చూపే జాతులు చాలా ఉన్నాయి. వేడి పెరిగిన కొద్దీ ఆ చూపించడం తగ్గుతుంది. అందుకే 35 డిగ్రీలు దాటకూడదంటారు, మిగతా కల్చర్లకు 37 బాగానే పనికొస్తుంది. ఇది పుస్తకంలో మాటే అనుకునేదాన్ని, ఒక మే నెల దాకా. అప్పట్లో నేను పనిచేసిన ల్యాబులో ఏసీ చెడిపోయింది. బయట నలభై మూడు. మామూలు ఇంక్యుబేటర్‌కు వేడి చేయడమే తెలుసు, చల్లార్చడం రాదు. గది వేడెక్కితే అది కూడా గదితో పాటే పైకి పోతుంది. ప్రతి విడతతో పాటు రెండు తెలిసిన జాతులను కూడా పరీక్షకు పెడతాం. ఒకటి లొంగేది, రెండోది మెక్‌ఏ ఉన్న ఏటీసీసీ 43300. ఆ ఉదయం ఎంఆర్‌ఎస్‌ఏ అని ఖాయంగా తెలిసిన ఈ రెండోదాని చుట్టూ వలయం 23 వచ్చింది. థర్మామీటర్ చూస్తే 38. ఆ రోజు పెట్టిన ప్లేట్లన్నీ పారేసి మళ్లీ పెట్టాం. ఆ తెలిసిన జాతి లేకపోతే కొందరు రోగులకు "క్లోక్సాసిలిన్ పనిచేస్తుంది" అని నా సంతకంతో రిపోర్టు వెళ్లేది.

ప్లేటుకు ఒక రాత్రి పడుతుంది. అంతకంటే ముందే తెలియాలంటే కాలనీ నుంచే పీబీపీ 2ఏ ప్రోటీన్‌ను పట్టుకునే పరీక్షలున్నాయి. కాలనీని క్షారంలో మరిగించి, కణాలు విచ్చుకున్నాక తటస్థం చేసి, పైన తేరిన ద్రవంలో యాంటీబాడీ పూసిన లేటెక్స్ పూసలు కలిపి అట్టముక్క మీద అటూ ఇటూ ఊపితే, ప్రోటీన్ ఉంటే విరిగిన పాలలా పలుకులు కడుతుంది. మూడు నిమిషాల పని. అనుమానం ఉంటే సెఫాక్సిటిన్ వలయం అంచునుంచి కాలనీ తీసుకుంటాం. అక్కడి కణాలు అప్పటికే మేలుకుని ఉంటాయి.

కాలనీ కూడా పెరగకముందే తెలుసుకోవడం కష్టమైన పని. మోకాలి మార్పిడి ఆపరేషన్‌కు ముందు ఒక పెద్దావిడ ముక్కులో పుల్ల తిప్పి తెచ్చారనుకోండి. సాయంత్రానికి జవాబు కావాలి. పీసీఆర్‌లో రెండు ప్రశ్నలు వేస్తాం. ఆరియస్‌కే ఉండే న్యూక్ జన్యువు ఉందా? ఉంది. మెక్‌ఏ ఉందా? ఉంది. అయితే ఎంఆర్‌ఎస్‌ఏ అనేయొచ్చా? అనకూడదు. ముక్కులో స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే సాధు జాతి కూడా ఉంటుంది. దానికి మెక్‌ఏ ఉండటం మామూలే. న్యూక్ ఒక కణానిది, మెక్‌ఏ పక్క కణానిది అయి ఉండొచ్చు. పుల్ల మీద అందరూ కలిసిపోయి ఉన్నారు, పీసీఆర్‌కు ఎవరిది ఎవరిదో తెలియదు. తప్పుగా ఎంఆర్‌ఎస్‌ఏ అంటే ఆవిడకు అక్కర్లేని వాంకోమైసిన్ పడుతుంది. మామూలు స్టెఫిలోకాకస్ మీద వాంకోమైసిన్ కంటే సెఫజోలిన్ మెరుగైన మందు.

2004లో కెనడాలోని క్యూబెక్‌లో హులెట్‌స్కీ బృందం దీనికి చక్కని దారి వేసింది. పీసీఆర్‌కు రెండు ప్రైమర్లు కావాలి, ఆ రెంటి మధ్య ఉన్న డీఎన్ఏ మాత్రమే నకళ్లు తీస్తుంది. వాళ్లు ఒక ప్రైమర్‌ను ఆరియస్ సొంతమైన ఓఆర్‌ఎఫ్‌ఎక్స్ లోపల పెట్టారు, మిగతావాటిని క్యాసెట్ల కుడి కొసల్లో పెట్టారు. క్యాసెట్ వచ్చి ఆరియస్ క్రోమోజోమ్‌లో కుట్టుకుని ఉంటేనే ఈ రెండూ ఒకే దారం మీద పక్కపక్కన ఉంటాయి, అప్పుడే నకలు పుడుతుంది. ఎపిడెర్మిడిస్ ఎంత మెక్‌ఏ మోస్తున్నా ఈ పరీక్ష పలకదు. అతుకునే అడిగితే, రెండూ ఒకే కణంలో ఉన్నాయా అన్న ప్రశ్నకు జవాబు దానంతటదే వస్తుంది. గంటా గంటన్నరలో ఫలితం చెప్పే నేటి కార్ట్రిడ్జ్ యంత్రాల్లోనూ ఈ ఆలోచనే ఉంది.

దీనికీ గుడ్డిచోటు ఉంది. కొన్ని ఆరియస్ జాతుల్లో క్యాసెట్ ఉంటుంది గానీ లోపలి మెక్‌ఏ ఊడిపోయి ఉంటుంది. పెట్టె ఉంది, పాట లేదు. అతుకు ఉంది కాబట్టి యంత్రం ఎంఆర్‌ఎస్‌ఏ అంటుంది, ప్లేటు మీద వలయం మాత్రం 26 వస్తుంది. అందుకే తర్వాత వచ్చిన యంత్రాలు అతుకుతో పాటు మెక్‌ఏను కూడా విడిగా వెతుకుతున్నాయి. రెండూ పలికితేనే అవునంటాయి.

దీనికి సరిగ్గా ఎదురైనది కూడా జరిగింది. 2007లో ఇంగ్లండ్‌లోని ఒక పాడిక్షేత్రంలో పాలట్యాంకు నుంచి తీసిన ఆరియస్ సెఫాక్సిటిన్‌కు లొంగలేదు. మెక్‌ఏ పీసీఆర్ చేస్తే లేదంది. ప్రోటీన్ పరీక్ష కూడా లేదంది. ఆ దశలో చాలా ల్యాబుల్లో ఇది ప్లేటు పొరపాటు అని వదిలేసేవారు. అక్కడివాళ్లు వదలకుండా మొత్తం జన్యుపటం చదివారు. ఓఆర్‌ఎఫ్‌ఎక్స్ తోకలోనే, మరో రకం క్యాసెట్‌లో, మెక్‌ఏకు అక్షరాల్లో 70 శాతం మాత్రమే పోలిన చెల్లెలు జన్యువు ఉంది. మెక్‌ఏ కోసం రాసిన ప్రైమర్లకు అది దొరకదు, పీబీపీ 2ఏ యాంటీబాడీ దాని ప్రోటీన్‌ను గుర్తుపట్టదు. దానికి మెక్‌సీ అని పేరు పెట్టారు, 2011లో ప్రకటించారు. దాచిన నమూనాలు వెతికితే డెన్మార్క్‌లో 1975 నాటి రోగి రక్తంలోనే అది దొరికింది. ముప్పై ఏళ్లకు పైగా ఎవరి కంటా పడకుండా ఉంది. హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువు చర్మం మీద పెరిగే ఒక బూజు తనంతట తానే పెన్సిలిన్ లాంటి పదార్థాలు చేస్తుందని, ఆ పక్కనే బతకాల్సిన స్టెఫిలోకాకస్‌లో మెక్‌సీ మందుల యుగానికి ఎంతో ముందే స్థిరపడిందని 2022లో నేచర్ పత్రికలో వచ్చింది.

అప్పటినుంచి కిట్లలో మెక్‌సీ ప్రైమర్లు చేర్చారు. రేపు మూడో చెల్లెలు ఎదురైతే వాటికీ తెలియదు. ప్లేటు మీది సెఫాక్సిటిన్ మాత్రం జన్యువు పేరు అడగదు, ఆ మందు ఎదుట ఈ బాక్టీరియా గోడ కట్టుకోగలదా లేదా అన్నదే అడుగుతుంది. మా ల్యాబులో యంత్రం "లేదు" అని, వలయం 21 లోపల ఉంటే ముందు జాతి సరిగా గుర్తించామా, రెండు జాతులు కలిసిపోయాయా అని చూసి, తెలిసిన జాతుల వలయాలు సరిపోయాయని నిర్ధారించుకుని, శుద్ధమైన కాలనీతో పరీక్ష మళ్లీ చేస్తాం. రెండోసారీ అంతే వస్తే రిపోర్టులో నిరోధకత ఉందనే రాస్తాం. బాక్టీరియాను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టి పెద్ద ల్యాబుకు పంపుతాం.

ఆటో డ్రైవర్ విషయంలో గొడవ రాలేదు. లేటెక్స్ పూసలు రెండు నిమిషాల్లోపే పలుకులు కట్టాయి. క్లిండామైసిన్‌కు ఆ బాక్టీరియా లొంగింది. సర్జన్‌కు ఫోన్ చేస్తే ఆవిడ చీము పూర్తిగా కారిపోయిందని, గాయం శుభ్రంగా ఉందని చెప్పి మాత్ర మార్చారు. అతని ముక్కు నుంచి, ఇంట్లో ఇద్దరు పిల్లల ముక్కుల నుంచి పుల్లలు పంపమని అడిగాను. చిన్నదాని పుల్ల ప్లేటు మర్నాడు తీస్తే బిళ్ల చుట్టూ మళ్లీ పదిహేడు.